చలికాలంలో ఆకు రాలుస్తున్న కుండీ కరివేపాకు: ముందు మట్టి లోపలి తడి చూడండి

ప్రశ్న: నమస్కారం అండీ. మాది మధురవాడలో రెండో అంతస్తు ఫ్లాట్. ఉత్తరం వైపు బాల్కనీలో 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో కరివేపాకు పెంచుతున్నాను. మొక్కకి రెండేళ్లు, మూడడుగుల ఎత్తుంది. వేసవిలో బ్రహ్మాండంగా చిగుళ్లు వేసింది. కార్తీకం నుంచి ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలిపోతున్నాయి, కొత్త చిగురు ఒక్కటీ లేదు. రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు పోస్తున్నాను. పుల్ల మజ్జిగ పోశాను. పక్కింటి పిన్నిగారు చెప్తే చెంచాడు యూరియా కూడా వేశాను. ఆ తర్వాత ఇంకా ఎక్కువ రాలుతోంది. పెద్ద కుండీలోకి మార్చమని ఒకరు, కొమ్మలు కొట్టేయమని ఒకరు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మొక్క చచ్చిపోతుందా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, మీరు చెప్పిన గుర్తులను బట్టి మొక్క బతికే ఉంది. ఇబ్బంది వేళ్ల దగ్గర మొదలైనట్టుంది. అందుకని మట్టి లోపల ఆరేదాకా నీళ్లు ఆపేయండి. ఇంకే ఎరువూ వేయకండి. కుండీ మార్చడం, కొమ్మలు కొట్టడం రెండూ శివరాత్రి దాటాక చూద్దాం. ఇందులో ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అది కింద చెప్తాను.

చలి వల్ల జరిగేది ఎంతో ముందు తెలుసుకోవాలి. కరివేపాకుకి వేడి ఇష్టం. 26 నుంచి 37 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. ఉష్ణోగ్రత 16 డిగ్రీల కిందికి దిగుతూ ఉంటే చిగురు మొగ్గలు కదలడం మానేస్తాయి. మొక్క ఉన్న ఆకులతో కాలక్షేపం చేస్తూ, బాగా ముదిరిన అడుగు రెమ్మలను వదిలించుకుంటుంది. మన విశాఖలో డిసెంబరు, జనవరి నెలల్లో పగలు 28 డిగ్రీల దాకా ఉంటుంది. రాత్రి 18 చుట్టుపక్కల ఉండి, కొన్ని రోజులు మాత్రం 16 దగ్గరికి దిగుతుంది. బీచ్ రోడ్డులో సముద్రం రాత్రిళ్లు కాస్త వెచ్చదనం ఇస్తుంది కాబట్టి అక్కడికంటే మీ మధురవాడ వైపు, పెందుర్తి వైపు తెల్లవారుజామున చలి ఎక్కువే. అయినా అది అరకు చలి కాదు. అరకులో కుండీ మొక్క మొత్తం ఆకు దులిపేసి మోడులా నిలబడితే దాన్ని చలి ఖాతాలో వేయొచ్చు. విశాఖలో చలికి మొక్క నెమ్మదిస్తుంది, అడుగు రెమ్మలు కొన్ని రాలుస్తుంది, రెండు మూడు నెలలు చిగురు పెట్టదు. అంతవరకే. అంతకు మించి రాలుతుంటే ఇంకో కారణం తోడైనట్టే. మీ కుండీ విషయంలో ఆ తోడైనవి రెండు: ఎండ పోయింది, నీళ్లు మాత్రం తగ్గలేదు. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

ఎండ సంగతి చూద్దాం. ఉత్తరం వైపు బాల్కనీకి వేసవిలో ఎండ బాగానే వస్తుంది. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు సూర్యుడు తూర్పుకి కొంచెం ఉత్తరంగా ఉదయించి, పడమటికి కొంచెం ఉత్తరంగా అస్తమిస్తాడు. కాబట్టి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు గోడ మీద పడుతుంది. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా అయితే మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరం పక్కనే ఉంటాడు. మీ మొక్క చిగుళ్లు వేసింది ఆ ఎండకే. సెప్టెంబరు చివరి వారం దాటాక సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. అక్కడి నుంచి మళ్లీ మార్చి చివరి దాకా నేరుగా ఉత్తరానికి ఉన్న గోడ మీద ఎండ అసలు పడదు. బాల్కనీలో వెలుతురు ఉంటుంది కాబట్టి మనకి ఆ తేడా తెలియదు, మొక్కకి తెలుస్తుంది. దానికితోడు పగలు కూడా చిన్నదవుతుంది. జూన్‌లో 13 గంటలు దాటే పగలు డిసెంబరులో 11 గంటలే. మీకు ఆకు రాలడం కార్తీకంలో కనిపించింది కానీ, కారణం దసరా నాటికే మొదలైందన్నమాట.

ఎండ లేని మొక్క నీళ్లు తాగదు. వేళ్లు పీల్చిన నీళ్లలో చాలా భాగం ఆకుల మీది నుంచి ఆవిరైపోతుంది. ఆ ఆవిరే కింది నుంచి నీళ్లను పైకి లాగుతుంది. ఎండ తగ్గి, ఆకులు కొన్ని రాలి, చిగురు ఆగిపోయాక ఆ లాగుడు చాలా తగ్గిపోతుంది. మేలో మీ కుండీ ఒక్క రోజులో ఖర్చు చేసిన నీళ్లు ఇప్పుడు నాలుగైదు రోజులకు గానీ ఖర్చు కావు. పైగా మనకి అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనాలు, తుపానులు వచ్చి జల్లులు పడతాయి. కుండీ అప్పటికే నిండా తడిసి ఉంటుంది. దాని మీద రోజూ చెంబుడు పోస్తే మట్టిలో గాలికి చోటుండదు. వేళ్లకి గాలి కావాలి. గాలి ఆడని తడిలో సన్నటి పీచు వేళ్లు ముందు చనిపోతాయి. నీళ్లు పీల్చేది ఆ పీచు వేళ్లే కాబట్టి, అవి పోయాక చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతో ఉన్నట్టే వాడుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తాం. కుండీ కరివేపాకు శీతాకాలంలో పాడయ్యేది ఎక్కువగా ఈ వరసలోనే.

ఇంకో చిన్న విషయం అడగాలి. కుండీ కింద ప్లేటు ఉందా? అపార్టుమెంటుల్లో నీళ్లు కింది వాళ్ల బాల్కనీలో పడకుండా అందరూ పెడతారు. ఆ ప్లేటులో నీళ్లు నిలిచి ఉంటే కుండీ అడుగు ఎప్పుడూ ఆరదు. ప్లేటు తీయక్కర్లేదు. అందులో రెండు ఇటుక ముక్కలు పెట్టి వాటి మీద కుండీని నిలబెట్టండి. అడుగు చిల్లులు మూసుకుపోయాయేమో ఒక పుల్లతో పొడిచి చూడండి. రెండేళ్ల కుండీల్లో వేళ్లు, మట్టి కలిసి చిల్లులకు అడ్డుపడటం మామూలే.

ఇప్పుడు పరీక్ష. మట్టి పైభాగం చూసి నిర్ణయించకండి, ముఖ్యంగా కొబ్బరి పీచు పొడి కలిపిన మట్టి అయితే. పైన అంగుళం తెల్లగా ఎండిపోయి కనిపిస్తుంది, నాలుగంగుళాల లోపల పిండితే నీళ్లొచ్చేంత తడి ఉంటుంది. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి తీసుకుని, మొదలుకి కాస్త దూరంగా, కుండీ లోతులో సగం వరకు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్లకి మట్టి అంటుకుని, రంగు ముదిరి, వేలికి చల్లగా తగిలితే నీళ్లు అక్కర్లేదు. పొడిగా వస్తే పోయొచ్చు. కుండీని ఒక పక్కకి వంచి బరువు చూడటం కూడా మంచి అలవాటు. నిండా తడిసిన రోజు బరువెంతో, ఆరిన రోజు బరువెంతో ఒకటి రెండు సార్లు చూస్తే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

ఆ తర్వాత రాలిన ఆకునీ, మిగిలిన ఆకునీ చూడండి. చలికి సహజంగా రాలేది అడుగున ఉన్న ముసలి రెమ్మ. అది ఆకు మొత్తం ఒకేలా నిమ్మపండు రంగుకి తిరుగుతుంది, చేత్తో తాకితే చిన్నాకులు రాలతాయి, తర్వాత ఈనె ఊడిపోతుంది. పైనున్న రెమ్మలు పచ్చగానే ఉంటాయి, కొమ్మ చివర మొగ్గ గట్టిగా ఉంటుంది. ఇది దిగులు పడాల్సింది కాదు. వేళ్లు దెబ్బతిన్నప్పుడు పైనా కిందా తేడా లేకుండా పసుపెక్కుతుంది. కొన్ని ఆకులు పచ్చగా ఉండగానే రాలతాయి. మట్టి తడిగా ఉన్నా రెమ్మలు వేలాడతాయి. కొమ్మ చివర మొగ్గ నల్లబడి, నలిపితే పొడి అవుతుంది. మట్టి దగ్గర ముక్కు పెడితే పుల్లటి వాసన, కదిలిస్తే నల్లటి చిన్న దోమలు లేస్తే ఇక అనుమానం అక్కర్లేదు. నీళ్లు చాలనప్పుడు కథ వేరు. ఆకులు అంచులు ముడుచుకుని, గలగలమని ఎండిపోతాయి, మట్టి కుండీ అంచు నుంచి విడిపోయి సందు కనిపిస్తుంది. రోజూ నీళ్లు పోసే మీ ఇంట్లో అది ఉండదనుకుంటాను.

ఆకులు జిగటగా ఉండి, మసి పట్టినట్టు నల్లగా కనిపించి, కొమ్మ మీద చీమలు తిరుగుతుంటే అది పొలుసు పురుగు గానీ పిండినల్లి గానీ. తడిగుడ్డతో కొమ్మలు తుడిచి, లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ సోపు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే చాలు. మీ ఉత్తరంలో ఆ గుర్తులు లేవు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

కొమ్మ బతికుందో లేదో తేల్చుకోవడానికి గోటితో బెరడు మీద చిన్న గీత గీయండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ అక్కడి వరకు పోయినట్టు. చివర నుంచి మొదలుపెట్టి కిందికి రండి. ఎక్కడ పచ్చదనం తగిలితే అక్కడి వరకు మొక్క మీదే.

మినహాయింపు ఉందన్నాను కదా, అది ఇక్కడ వస్తుంది. పుల్లటి వాసన వచ్చి, మొదలు దగ్గర బెరడు మెత్తబడి నల్లగా కనిపిస్తే శివరాత్రి దాకా ఆగకూడదు. ఎండగా ఉన్న రోజు పదకొండింటికి కుండీని పక్కకి పడుకోబెట్టి, చుట్టూ తట్టి, మట్టి ముద్దతో సహా మొక్కను బయటికి జార్చండి. ఆరోగ్యంగా ఉన్న వేరు లేత గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లగా జారుడుగా ఉండి, వేళ్ల మధ్య లాగితే పైతోలు ఊడి లోపల దారం లాంటిది మిగులుతుంది. కుళ్లినవన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేయండి, తడి మట్టిని దులిపేయండి. మిగిలిన వేళ్లకు సరిపడా కుండీనే ఎంచుకోండి. సగం వేళ్లు పోతే 12 అంగుళాల కుండీ ఎక్కువైపోతుంది, 8 అంగుళాలది చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, కాస్త పొడిపొడిగా ఉన్న మిశ్రమంలో నాటండి. ఒక్కసారి నీళ్లు పోసి, మళ్లీ పుల్ల పొడిగా వచ్చేదాకా ముట్టుకోకండి. వేళ్లు ఎంత పోయాయో అంత మేరకు పైన ఆకు కూడా తగ్గించాలి, లేకపోతే మిగిలిన కాసిని వేళ్లు అంత ఆకుని మోయలేవు. వాసన, మెత్తదనం లేకపోతే మాత్రం వేళ్లను కదపకండి. చలిలో వేరు తెగితే కొత్తది రావడానికి చాలా కాలం పడుతుంది. మీకు పెద్ద కుండీ సలహా ఇచ్చినవారు మంచి మనసుతోనే చెప్పారు కానీ, ఈ నెలల్లో పెద్ద కుండీ అంటే ఇంకా ఎక్కువ తడి మట్టి, తాగేవాళ్లు లేరు.

యూరియా సంగతి. నత్రజని చిగురుకి పనికొచ్చేదే, కానీ మొక్క చిగురు పెట్టే ఆలోచనలో ఉన్నప్పుడు. ఇప్పుడు వేళ్లు దాన్ని తీసుకోవు. అది తడి మట్టిలో కరిగి ఉప్పులా నిలబడి, దెబ్బతిన్న పీచు వేళ్లను మరింత మాడుస్తుంది. యూరియా వేశాక రాలడం ఎక్కువైందన్న మీ మాటకి కారణం ఇదే అయి ఉండొచ్చు. వేసి వారం లోపే అయితే, చిల్లులు బాగా తెరుచుకుని ఉంటేనే, ఎండ పూట ఒకసారి నాలుగైదు లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి. కుండీని వంచి మిగిలిన నీళ్లు కూడా ఒంపేయండి. ఆ తర్వాత మట్టి ఆరేదాకా ఆగండి. వేసి నెల దాటితే ఆ పని అక్కర్లేదు, మీరు రోజూ పోసిన నీళ్లతోనే చాలావరకు పోయి ఉంటుంది.

మజ్జిగ మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, దాన్ని నేను కొట్టిపారేయను. బాగా పలచగా చేసి నెలకోసారి వేసవిలో పోస్తే నష్టం లేదు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని త్వరగా విరగ్గొడతాయి, మొక్కకి కాస్త పోషకం అందుతుంది. చలిలో తడి మట్టి మీద పోస్తే అది అలాగే నిలిచి పులుస్తుంది, ఉన్న కాస్త గాలినీ సూక్ష్మజీవులే వాడేస్తాయి, చిన్న దోమలు చేరతాయి. మాఘం వెళ్లేదాకా మజ్జిగ మీరే తాగండి.

కుండీని ఎక్కడ పెట్టాలి? మీకు దక్షిణం వైపు కిటికీ గానీ యుటిలిటీ బాల్కనీ గానీ ఉంటే అక్కడికి మార్చండి. శీతాకాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు కాబట్టి ఎండ గది లోపలికి కూడా వస్తుంది. రోజుకి ఐదు గంటల నేరుగా పడే ఎండ ఉంటే చాలు. తూర్పు బాల్కనీ రెండో ఎంపిక. అవేవీ లేకపోతే మేడ మీదికి తీసుకెళ్లండి. అక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. దక్షిణం అంటే ఎండ అనుకుని కుండీని దక్షిణపు పిట్టగోడకి ఆనించి పెడతారు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన దగ్గర 49 డిగ్రీల ఎత్తు వరకే లేస్తాడు. మూడడుగుల పిట్టగోడ నీడ అప్పుడు రెండున్నర అడుగుల దాకా పడుతుంది, పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. అంటే ఆ గోడ కింద కుండీ రోజంతా నీడలోనే ఉంటుంది. ఉత్తరపు పిట్టగోడకి లోపలి వైపు పెట్టండి. ఎదురుగా దక్షిణపు ఎండ పడుతుంది, గోడ పగలు వేడెక్కి సాయంత్రం కాసేపు వెచ్చగా ఉంటుంది, ఉత్తరం నుంచి వచ్చే చలిగాలికి అడ్డుగా కూడా ఉంటుంది. నీడలో ఇన్నాళ్లున్న ఆకు కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు ఉదయపు ఎండలోనే ఉంచి, తర్వాత పూర్తిగా వదలండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎదురుగా మాత్రం వద్దు. చలికాలంలో అది నడవకపోయినా మార్చి రాగానే ఆ వేడిగాలికి లేత చిగురు మాడిపోతుంది. ఇది చదివే వాళ్లలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఆకు కొసలు మాత్రమే గోధుమ రంగులో మాడుతుంటే అది ఉప్పుగాలి. వారానికోసారి మంచి నీళ్లతో ఆకులు కడిగి, కుండీని గాలి నేరుగా తగలని మూలకి జరపండి.

మీ కుండీకి ఇక నుంచి నీళ్ల లెక్క ఇలా ఉంటుంది. ఇవాళ ఆపేశారు అనుకుందాం. మొక్క ఎండలోకి మారాక కూడా మట్టి సగం లోతు వరకు ఆరడానికి వారం పట్టొచ్చు, పది రోజులు పట్టినా కంగారు పడకండి. ఈలోగా ఇంకా కొన్ని ఆకులు రాలతాయి. ఇప్పటికే పసుపెక్కినవి మళ్లీ పచ్చబడవు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. పుల్ల పొడిగా వచ్చిన రోజు తొమ్మిది, పదింటికి ఎండ తగిలాక లీటరున్నర నీళ్లు కుండీ అంతా తడిసేలా నిదానంగా పోయండి. అడుగు నుంచి నాలుగు చుక్కలు కారాలి. ప్లేటులో పడినవి పారబోయండి. రోజూ కొంచెం కొంచెం పోయడం కంటే ఇలా ఒకసారి నిండుగా తడిపి ఆరనివ్వడం మేలు, ఎందుకంటే తడి దిగుతున్న కొద్దీ పైనుంచి కొత్త గాలి మట్టిలోకి వస్తుంది. మళ్లీ పుల్ల చెప్పేదాకా ఆగండి. ఎండ ఉన్న చోట నాలుగైదు రోజులకి ఒకసారి, నీడలోనే ఉంచాల్సి వస్తే వారానికి ఒకసారి రావొచ్చు. మబ్బు పట్టిన వారంలో అసలే అక్కర్లేదు. ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున చల్లగా ఉంటాయి కాబట్టి పొద్దున్నే లేవగానే పోసే అలవాటుని రెండు గంటలు వెనక్కి జరపండి. సాయంత్రం పోస్తే రాత్రంతా మట్టి చల్లటి ముద్దలా ఉంటుంది, అది వద్దు.

సరైన దారిలో ఉన్నామని ఎలా తెలుస్తుందంటే, రెండు మూడు వారాల్లో రాలడం తగ్గుతుంది. చిగురు మాత్రం అప్పుడే రాదు. జనవరిలో చిగురు లేకపోవడం జబ్బు కాదు. ఉన్న ఆకు నిలబడటమే ఇప్పటికి మీరు చూడాల్సిన గుర్తు. మూడు వారాలు మట్టి సరిగ్గా ఆరుతున్నా, ఎండ పడుతున్నా ఇంకా పై రెమ్మలు కూడా రాలుతూ ఉంటే మాత్రం పైన చెప్పినట్టు వేళ్లు తీసి చూడాల్సిందే.

ఈలోగా కూరలోకి ఆకు తెంపకండి. సంక్రాంతి వంటలకి రైతుబజారులో ఒక కట్ట కొనుక్కోండి. మీ మొక్కకి మిగిలిన ప్రతి పచ్చ రెమ్మా ఇప్పుడు వేళ్లు మళ్లీ కట్టుకోవడానికి తిండి వండుతోంది. చలికాలంలో ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచైనా మూడో వంతుకి మించి కోయకూడదు. కొమ్మలు కొట్టడం కూడా అందుకే వద్దన్నాను. కరివేపాకు కొడితే గుబురుగా వస్తుందన్నది నిజమే. కానీ కొట్టిన చోట నుంచి చిగురు తోసుకురావాలంటే వెచ్చదనం ఉండాలి. ఇప్పుడు కొడితే కొస ఎండుతూ కిందికి దిగుతుంది. పూర్తిగా ఎండి పుల్లలా విరిగే కొమ్మల్ని మాత్రం తీసేయొచ్చు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, మన పనికి కూడా అదే సమయం. ఫిబ్రవరి చివర్లో పగలు 30 దాటుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో క్యాలెండరు కంటే మొక్కే బాగా చెప్తుంది. రోజూ కొమ్మ చివరలు చూడండి. మొగ్గ ఉబ్బి, కొస లేత ఆకుపచ్చగా మెరుస్తూ కనిపించిన వారంలో మొక్కను పై నుంచి మూడో వంతు ఎత్తు తగ్గించండి. మీ మూడడుగుల మొక్క అయితే అడుగు మేర. రెమ్మ మొలిచే కణుపుకి అర అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. ఆ కింది కణుపుల నుంచి రెండు మూడు కొమ్మలు వస్తాయి. అప్పుడే పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి, రెండు గుప్పెళ్లు వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి కలపండి. యూరియా అప్పుడు కూడా నాకు ఇష్టం లేదు. కుండీలో కొలత తప్పితే సరిదిద్దే దారి తక్కువ. కొత్త చిగురు విప్పుకున్నాక ఆకు పచ్చదనం పోయి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం, బోరు నీళ్లు గట్టిగా ఉన్న ఇళ్లలో ఎక్కువ. అది అప్పటి సంగతి. ఇప్పటి పసుపుకీ దానికీ సంబంధం లేదు, ఇప్పుడు ఇనుము మందులు కొనొద్దు.

చిగుళ్లు విప్పుకున్నాక నీళ్లు కూడా పెరగాలి. మార్చిలో రెండు మూడు రోజులకోసారి, ఏప్రిల్ ఎండలకి మళ్లీ రోజూ. అక్కడ కూడా పుల్లే చెప్పాలి. చలికాలపు లెక్కతో ఏప్రిల్ దాకా లాగితే లేత చిగురు ఒక్క మధ్యాహ్నంలో వాడిపోతుంది. అడుగు చిల్లుల్లోంచి వేళ్లు బయటికి వస్తుంటే పెద్ద కుండీలోకి మార్చడం కూడా మార్చిలోనే చేయండి. ఒక సైజు పెంచితే చాలు, 14 అంగుళాలది. మట్టి ముద్ద విరక్కుండా మార్చండి. నర్సరీ నుంచి తెచ్చినప్పటి గట్టి బంకమట్టి ముద్ద వేళ్ల మధ్యలో ఇంకా అలాగే ఉంటే మాత్రం దాని అంచుల్ని వేళ్లతో వదులు చేయండి. ఆ ముద్ద ఒకలా, దాని చుట్టూ వేసిన మట్టి ఇంకోలా ఆరడం వల్ల చాలా కుండీల్లో నీళ్ల లెక్క తప్పుతుంది.

మార్చి దాటినా చిగురు రాకపోతే వెంటనే పారేయకండి. కరివేపాకుకి వేళ్ల నుంచి పిలకలు వేసే గుణం ఉంది. పై కొమ్మ మొత్తం ఎండినా, మొదలు దగ్గర గీసిన గీత పచ్చగా ఉంటే ఎండిన భాగాన్ని పచ్చదనం వరకు కోసేసి, నీళ్లు చాలా తక్కువగా ఇస్తూ ఏప్రిల్ చివరి దాకా చూడండి. అప్పటికీ మట్టిలోంచి ఏదీ రాకపోతే అది పోయినట్టే. కొత్త మొక్క తెచ్చుకోవాల్సి వస్తే తొలకరి వానలకి తెచ్చుకోండి. రకం అడిగి కొనగలిగిన చోటైతే ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన రెండు రకాల తేడా గుర్తుపెట్టుకోండి. డీడబ్ల్యూడీ-1 చలికాలంలో చిగురు సరిగ్గా వేయదు, డీడబ్ల్యూడీ-2కి ఆ ఇబ్బంది లేదు. ఏ రకమైనా సెప్టెంబరు చివరి వారం రాగానే ఆ ఉత్తరపు బాల్కనీ నుంచి ఎండలోకి మార్చండి, నీళ్లు తగ్గించడం కూడా ఆ వారంలోనే మొదలుపెట్టండి.